మరి మనం తిన్నదేటి?

మా ఊరు నెల్లిమర్ల పక్కన. 1996లో ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరబోతున్నప్పుడు, ఒక ట్రస్టు వాళ్లు స్కాలర్‌షిప్ ఇస్తున్నారని తెలిసి ఉత్తరం రాశాను. నాన్న జూట్ మిల్లులో కార్మికుడు. అప్పటికి మిల్లు లాకౌట్‌లో ఉంది. "మిల్లు మూతపడి ఎనిమిది నెలలైంది. మా ఇంట్లో పైసా ఆదాయం లేదు. పూటపూటకీ పస్తులుంటున్నాము" అని రాశాను. ఆ వయసులో నాకు అది చాలా బాగా కుదిరిందనిపించింది.

సాయంత్రం నాన్న అద్దె రిక్షా పెట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. ఆయనకి చదువు రాదు. ఏం రాశావో చదవమన్నాడు. చదివాను. మొత్తం విని, కాసేపాగి, "మరి మనం తిన్నదేటమ్మా?" అన్నాడు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఆ ఎనిమిది నెలలూ ఆయన పగలు రిక్షా తొక్కాడు. వేసవిలో రాత్రిళ్లు మామిడితోటకి కాపలా పడుకున్నాడు. అమ్మ జాకెట్లు కుట్టింది. మాకు కష్టమైన మాట నిజం, అప్పులైన మాట నిజం. కానీ ఒక్క పూట కూడా పొయ్యి వెలగకుండా ఉండలేదు. వెలిగేలా చూసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా, ఆయన చేసిందంతా సున్నా అని నేను పైకి చదివి వినిపించాను.

మర్నాడే ఆఖరి తేదీ. ఉత్తరం మార్చకుండానే పంపించాను. స్కాలర్‌షిప్ వచ్చింది. నాన్న మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. కొంతమంది స్నేహితులం కలిసి ఏడాదికి నలుగురైదుగురు పిల్లలకి సాయం చేస్తుంటాం, వచ్చిన ఉత్తరాలు చదివేవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ జూన్‌లో ఆ కట్ట ముందేసుకుని కూర్చున్నప్పటి నుంచి ఒకే విషయం మనసులో తిరుగుతోంది. అవసరాన్ని ఏడుపుతో కాదు, లెక్కతో చెప్పాలి. ఉత్తరం రాసే పిల్లల గౌరవం ఆ లెక్కలోనే నిలబడుతుంది. ఇది చెప్పినంత తేలిక కాదని కూడా నాకు తెలుసు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నెట్ సెంటర్ ఉత్తరం

కట్టలో చాలా ఉత్తరాలు ఒకే వాక్యంతో మొదలవుతాయి. "నేను ఒక నిరుపేద కుటుంబమునకు చెందిన విద్యార్థిని." ఆ తర్వాత "నా తల్లిదండ్రులు రెక్కాడితే గాని డొక్కాడని కూలీలు." చివర "తమరు దయతలచి నా జీవితంలో వెలుగు నింపగలరని వేడుకొనుచున్నాను." ఒక ఉత్తరంలో పైన ఒక ఊరి పేరుంది, మధ్యలో ఇంకో ఊరి పేరుంది. అడిగితే తెలిసింది, నెట్ సెంటర్‌లో ఫైలు ముందే ఉంటుంది, పేరూ ఊరూ మార్చి ప్రింటు తీసిస్తారు. ఆ అబ్బాయి ఊరి పేరు ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోయారు.

ఆ పిల్లాణ్ని నేను తప్పుపట్టలేను. వాళ్లింట్లో ఎవరూ ఎప్పుడూ ఇలాంటి ఉత్తరం రాయలేదు. ఎలా రాయాలో మేమెవరమూ చెప్పలేదు. కానీ చదివేవాళ్ల వైపు నుంచి చూడండి. "నిరుపేద" అన్న మాట పది ఉత్తరాల్లోనూ ఉంటే ఆ మాట ఏమీ చెప్పదు. సెంటు భూమి లేని ఇల్లూ అదే మాట రాస్తుంది, రెండెకరాల పల్లం ఉన్న ఇల్లూ అదే మాట రాస్తుంది. ఎవరికి ఎంత తక్కువపడుతోందో తెలియదు. చివరికి మేం ఫోన్లు చేసి అడగాలి. లేదా మార్కులు చూసి ఇచ్చేయాలి, అప్పుడిక ఉత్తరం రాయించడమే అనవసరం.

ఇంకొకటి ఉంది. "ఆదాయం ఏమీ లేదు" అని చదవగానే చదివేవాళ్ల మనసులో మా నాన్న ప్రశ్నే లేస్తుంది. మరి ఇన్నాళ్లూ ఎలా బతికారు? ఈ పిల్ల ఇంటర్ ఎలా చదివింది? ఆ ప్రశ్నకి ఉత్తరంలో జవాబు లేకపోతే మిగతా నిజాల మీద కూడా అనుమానం పడుతుంది. నాకు స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్లు ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకుని ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు.

వజ్రపుకొత్తూరు అమ్మాయి

మా కాలేజీలో బైపీసీ చదివిన ఒకమ్మాయి నా దగ్గరకొచ్చింది. వాళ్లది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. డయాలసిస్ టెక్నాలజీలో డిగ్రీ సీటు వచ్చింది. ఆమె రాస్తున్నది మాకు కాదు, వేరే సంస్థకి. మాకే అయితే నేను చెయ్యి పెట్టేదాన్ని కాదు.

ఆమె తెచ్చిన మొదటి ప్రతి ఇలా ఉంది: "ఉద్దానం ప్రాంతంలో పుట్టడమే నేను చేసిన పాపం. తిత్లీ తుఫానులో సర్వస్వం కోల్పోయాము. మా తాతగారు కిడ్నీ వ్యాధితో మృత్యువుతో పోరాడుతున్నారు. మీరు సాయం చేయకపోతే నా చదువు, నా బతుకు ఇక్కడితో ఆగిపోతాయి. నేను డాక్టరునై పేదలకు ఉచిత వైద్యం చేస్తాను."

ఒక్కొక్క వాక్యం మీదా కూర్చున్నాం. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. అప్పటికి ఈమె చిన్నపిల్ల. సర్వస్వం అంటే ఏమిటమ్మా అనడిగితే, ఇంటిమీద రేకులు ఎగిరిపోయాయి, 22 కొబ్బరి చెట్లు కూలిపోయాయి అంది. రేకులు ఆ ఏడాదే వేసుకున్నారు. చెట్ల స్థానంలో 15 మొక్కలు నాటారు. కొబ్బరి కాపుకి రావాలంటే మామూలుగా ఐదారేళ్లు పడుతుంది. ఆ మొక్కలు నిరుడే కాపు మొదలుపెట్టాయి. అంటే తుఫాను దెబ్బ ఇప్పటికీ ఆ ఇంటి మీద ఉన్నమాట నిజమే, కానీ అది "సర్వస్వం"లో లేదు. ఆరేళ్లు కొబ్బరి డబ్బు రాకపోవడంలో ఉంది. ఆ ఆరేళ్లలో తీసుకున్న డ్వాక్రా అప్పు వాయిదాలో ఉంది. చదివేవాళ్లకి అర్థమయ్యేది అదీ.

తరవాత ఒక తెల్లకాగితం తీసుకుని ఇంటికి వచ్చేది రాయమన్నాను. ఆమె మొదట నాన్నది రాసింది. ఆయన చెన్నైలో తాపీ పనికి వెళ్తాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడ ఉంటాడు, నెలకి 8,000 పంపుతాడు. అది 64,000. అమ్మ పలాసలో జీడి ఫ్యాక్టరీకి వెళ్తుంది, పిక్కలు ఒలిచే పని. నెలకి ఇంచుమించు 4,000, పని ఉండేది పది నెలలు, అంటే 40,000. కొబ్బరి, జీడిమామిడి కలిపి నిరుడు 12,000. మొత్తం 1,16,000. అక్కడికి పెన్ను కింద పెట్టేసింది.

"తాతగారి పెన్షన్?" అన్నాను.

తల దించుకుంది. "అది రాస్తే మాకు అవసరం లేదనుకుంటారు మేడం."

డయాలసిస్ చేయించుకునేవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం నెలకి 10,000 పెన్షన్ ఇస్తుంది. ఉద్దానంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఉత్తరంలో తాతగారి జబ్బు రాసి పెన్షన్ రాయకపోతే, చదివేవాళ్లలో ఒక్కరికి ఆ విషయం తెలిసినా చాలు, పిల్ల దాచిందని అనుకుంటారు. దాచాల్సిన అవసరం కూడా లేదు. ఆ పదివేలు ఎటు పోతున్నాయో రాయమన్నాను. డయాలసిస్‌కి ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. కానీ వారానికి మూడుసార్లు ఆటోలో వెళ్లి రావాలి, మందులు, ఇంజెక్షన్లు కొన్ని బయట కొనాలి, తాతగారికి తిండి వేరే. అవన్నీ పోను నెలకి 1,600 ఇంటికి మిగులుతోంది. ఏడాదికి 19,200. రాసింది. మొత్తం 1,35,200 అయింది.

ఖర్చు వైపు అంత సేపు పట్టలేదు. ఇల్లు గడవడానికి నెలకి 7,500, డ్వాక్రా వాయిదా 1,800. ఏడాదికి రెండూ కలిపి 1,11,600. మిగిలేది 23,600. అందులో 20,000 ఈమె చదువుకి పెట్టగలమని వాళ్ల అమ్మ ఫోన్లో చెప్పింది. కన్వీనర్ కోటా సీటు కాబట్టి ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంటు కిందకి వస్తుంది. హాస్టలు, భోజనం పది నెలలకి 40,000, పుస్తకాలూ పరీక్ష ఫీజులూ యూనిఫాం 8,000, రాకపోకలు 4,000. మొత్తం 52,000. ఇరవై వేలు ఇంట్లోవి పోను తక్కువపడేది 32,000.

ఆ అంకె కనబడగానే అమ్మాయి ముఖంలో మార్పు నేను చూశాను. అప్పటిదాకా ఆమె దృష్టిలో తన అవసరానికి అంతులేదు, కాళ్లు పట్టుకుంటే తప్ప తీరనిది. ఇప్పుడది 32,000. అది అడగదగ్గ అంకె. ఆ సంస్థ గరిష్ఠంగా 50,000 ఇస్తుంది. అందరూ యాభై అడుగుతారు కదా మేడం, మనం ముప్పై రెండే అడిగితే తక్కువ చేసుకున్నట్టు కాదా అంది. లెక్క రాసి చూపించాక యాభై అడిగితే మిగతా పద్దెనిమిది వేలు దేనికని అడుగుతారు, నీ దగ్గర జవాబుందా అన్నాను. లేదంది.

సర్టిఫికెట్ మీది అంకె

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇలాంటి ఉత్తరాలు రాయించేవాళ్లు దీని గురించి మాట్లాడరు. ఆమె దగ్గరున్న ఆదాయ ధ్రువపత్రంలో ఏడాదికి 60,000 అని ఉంది. మా లెక్కలో తాతగారి పెన్షన్ కాకుండానే 1,16,000. సచివాలయంలో దరఖాస్తు పెట్టినప్పుడు ఎవరో "అరవై వేలు వేసెయ్" అన్నారు, వేసేశారు. అందరివీ అలాగే ఉంటాయి.

ఉత్తరంలో నిజం రాస్తే సర్టిఫికెట్‌తో తేడా వస్తుంది. సర్టిఫికెట్ ప్రకారం రాస్తే లెక్క మొత్తం కూలిపోతుంది. అరవై వేల ఆదాయంతో లక్షా పదకొండు వేల ఖర్చు ఎలా చేశారని అడుగుతారు. మళ్లీ నాన్న ప్రశ్నే.

సర్టిఫికెట్ సరైన ఆదాయంతో మళ్లీ తీసుకోమన్నాను. అమ్మాయి నాన్న చెన్నై నుంచి ఫోన్ చేశాడు. "మేడం, ఎక్కువ చూపిస్తే కార్డు తీసేత్తారండి" అన్నాడు. ఆ భయం ఉత్తినే వచ్చింది కాదు. పల్లెల్లో బియ్యం కార్డుకి నెలకి 10,000 దాటకూడదన్న నిబంధన ఉంది. వీళ్ల సంపాదన లక్షా పదహారు వేలు, నెలకి పదివేల లోపే. ఫీజు రీయింబర్స్‌మెంటుకి పెట్టిన పరిమితికి ఇంకా చాలా దూరం. అది ఫోన్లోనే లెక్కకట్టి చెప్పాక ఒప్పుకున్నాడు. కొత్త సర్టిఫికెట్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆఖరి తేదీకి ముందు అంత వ్యవధి ఉంచుకోవాలి, లేకపోతే నేను చేసినట్టే చేయాల్సి వస్తుంది.

వీళ్లది నెలకి పదివేల లోపు ఉంది కాబట్టి సరిపోయింది. పదకొండు వేలున్న ఇంటికి ఏం చెప్పాలి? నిజం రాసి కార్డు పోగొట్టుకో అనాలా? నిరుడు ఒకబ్బాయి విషయంలో ఇదే జరిగింది, నేను సలహా ఇవ్వలేక ఊరుకున్నాను. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. కానీ ఉత్తరంలో అబద్ధం రాయమని మాత్రం చెప్పలేను. ఆ కాగితం మీద సంతకం పెట్టేది పదిహేడేళ్ల పిల్లలు.

ఏడిస్తేనే ఇస్తారు కదా

మాతోపాటు ఉత్తరాలు చదివే ఒక రిటైర్డ్ మేస్టారు ఉన్నారు. ఆయన నా మాట ఒప్పుకోరు. "అడగందే అమ్మైనా పెట్టదమ్మా. నువ్వు పిల్లల నోరు కట్టేస్తున్నావు. ఏడ్చినవాడికే ఇచ్చే లోకంలో లెక్కలు రాసుకుని కూర్చోమంటే ఎలా?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటాను. నాకు 1996లో వచ్చింది ఏడ్చిన ఉత్తరానికే. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. మేం మొదలుపెట్టిన మొదటి ఏడాది ఒక ఉత్తరం చదివి నేను కళ్లు తుడుచుకున్నాను. అదే కట్టలో ఒకబ్బాయి ఎనిమిది వాక్యాల ఉత్తరం రాశాడు. మార్కులు, కోర్సు పేరు, "మా నాన్నగారు వ్యవసాయం చేస్తారు, కొంత ఇబ్బందిగా ఉంది" అని. అంతే. డబ్బు మొదటి ఉత్తరానికి వెళ్లింది. ఆ అబ్బాయి రెండో సెమిస్టరులో మానేశాడని తర్వాత తెలిసింది. అప్పటికే రాత్రిళ్లు పెట్రోల్ బంకులో చేస్తూ చదువుతున్నాడట. బంకు సంగతి ఉత్తరంలో రాయలేదు. పరువు తక్కువనుకున్నాడేమో.

ఆ తప్పు నాది. కళ్లనీళ్లని కొలబద్ద చేసుకుంది నేను. కానీ ఆ అబ్బాయి ఉత్తరంలోనూ ఒక లోటు ఉంది. గౌరవమంటే దాచిపెట్టడమని అతను అనుకున్నాడు. "రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బంకులో పని చేస్తాను, నెలకు ఇంత వస్తుంది, అది హాస్టలుకి సరిపోతుంది, ఫీజుకి సరిపోదు" అని రాసి ఉంటే అందులో ఏడుపూ ఉండేది కాదు, దాపరికమూ ఉండేది కాదు. మేస్టారికి నా జవాబు అదే. అడగమనే నేనూ అంటున్నాను. ఎంత అడుగుతున్నావో, ఎందుకు అడుగుతున్నావో చెప్పి అడగమంటున్నాను. "కొంత ఇబ్బంది", "నిరుపేద" రెండూ ఒకటే. రెండింటిలోనూ అడిగింది ఎంతో తెలియదు.

పెద్ద దుఃఖం ఉన్న పిల్లల సంగతేమిటని మేస్టారు అడిగారు. నాన్న పోయిన పిల్ల లెక్క రాయాలా? రాయాలనే అంటాను. నాన్న ఎప్పుడు పోయారో ఒక వాక్యం, అప్పటి నుంచి ఇంట్లో ఏం మారిందో ఇంకో వాక్యం. అమ్మ టిఫిన్ బండి పెట్టింది, అన్న చదువు మాని పనికి వెళ్లాడు. చదివేవాళ్లకి ఆ రెండు వాక్యాలు చాలు. మూడో వాక్యంలో పిల్ల తన దుఃఖాన్ని వర్ణించడం మొదలుపెడితే, ఒక అపరిచితుడి మెప్పు కోసం నాన్న చావుని మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది. మేం ఇచ్చే ముప్పై నలభై వేలకి పిల్లల నుంచి అంత పుచ్చుకునే హక్కు మాకు లేదు.

తాతగారి నోటు పుస్తకం

ఇక ఆశయం. మొదటి ప్రతిలో "డాక్టరునై ఉచిత వైద్యం" అని ఉంది కదా. వచ్చిన సీటు డాక్టరుది కాదు. డయాలసిస్ టెక్నీషియన్ అవుతావు కదమ్మా, డాక్టరని ఎందుకు రాశావంటే, టెక్నీషియన్ అంటే చిన్నగా ఉంటుందేమోనని అంది.

మీ తాతగారి డయాలసిస్‌కి ఎప్పుడైనా వెళ్లావా అనడిగాను. సెలవు రోజుల్లో తనే తీసుకెళ్తుందట. అక్కడ ఏం చేస్తావంటే, బ్యాగులోంచి ఒక చిన్న నోటు పుస్తకం తీసింది. తేదీ, డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బీపీ. ఏడాదిన్నరగా రాస్తోంది. కొన్నిచోట్ల పెన్సిల్‌తో చిన్న అక్షరాలు ఉన్నాయి: "పండగ. నీళ్లు ఎక్కువ తాగాడు. 3.4 పెరిగాడు." ఇంకోచోట "ఫిస్టులా జుమ్మనడం తగ్గింది, అక్కకి చెప్పాను". తాతగారి చేతి మీద, సూదులు గుచ్చేచోట, రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టి ఉంటారు. దాన్ని ఫిస్టులా అంటారు. అది బాగా పనిచేస్తుంటే వేలు పెట్టినప్పుడు లోపల సన్నగా అదిరినట్టు తెలుస్తుంది. ఆ అదురు తగ్గితే నాళం మూసుకుపోతున్నట్టు. అక్కడి టెక్నీషియన్ అక్క ఈమెకి ఎలా చూడాలో నేర్పిందట. ఈమె ఇంట్లో రోజూ తాతగారి చేతి మీద వేలు పెట్టి చూస్తుంది.

ఇంత ఉంచుకుని ఉచిత వైద్యం ఎందుకు రాశావమ్మా అన్నాను. ఇది ఆశయమా మేడం అంది.

నా దృష్టిలో ఆశయం అదే. ఐఏఎస్ అవుతాను, దేశసేవ చేస్తాను అని ఎవరైనా రాయొచ్చు, ఖర్చు లేదు. ఏడాదిన్నర పాటు బరువులు రాయడం ఊరికే జరగదు. పిల్లలు ఇప్పటికే మొదలుపెట్టిన పని ఏదో ఒకటి ఉంటుంది, తర్వాతి మెట్టు ఏదో వాళ్లకి తెలిసే ఉంటుంది. ఆ రెండూ కలిపి రాస్తే చాలు.

ఊరికి తిరిగొచ్చి సేవ చేస్తానన్న మాట మీద మాత్రం మాకిద్దరికీ కొంచెం వాదన జరిగింది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, అక్కడే చేస్తానని రాస్తాను అంది. చేయాలని ఉందా అంటే ఉందంది. తప్పకుండా ఉద్యోగం దొరుకుతుందా అంటే తెలియదంది. అయితే "అక్కడ దొరికితే చేయాలని ఉంది" అని రాయి, "చేస్తాను" అని రాయకు అన్నాను. డబ్బిచ్చేవాళ్లకి మన జీవితం తాకట్టు పెట్టనవసరం లేదు. ఉద్యోగం తెచ్చుకుని అమ్మ డ్వాక్రా అప్పు తీర్చాలనుకోవడం కూడా గౌరవమైన కోరికే. పేదింటి పిల్లలు మాత్రమే తమ చదువుకి బదులుగా లోకసేవ వాగ్దానం చేయాలని ఎందుకు ఆశిస్తామో నాకు అర్థం కాదు. ఉన్నవాళ్ల పిల్లల్ని ఎవరూ అలా అడగరు.

చివరికి వెళ్లిన ఉత్తరం

ఒక పేజీ. ఆమె చేత్తోనే రాసింది, నేను అక్షరదోషాలు రెండు చూపించాను. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి, ఇక్కడ పెడుతున్నాను.

"నాకు డయాలసిస్ టెక్నాలజీ డిగ్రీలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది. మొదటి సంవత్సరం హాస్టలు, ఇతర ఖర్చులకు 52,000 అవుతుంది. మా ఇంటి నుంచి 20,000 పెట్టగలం. తక్కువపడుతున్న 32,000 కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా నాన్న చెన్నైలో తాపీ పని చేస్తారు. అమ్మ పలాసలో జీడిపిక్కలు ఒలుస్తుంది. మాకు 60 సెంట్ల కొబ్బరి, జీడిమామిడి తోట ఉంది. 2018 తుఫానులో 22 కొబ్బరి చెట్లు పడిపోయాయి. తిరిగి నాటిన 15 నిరుడు కాపుకి వచ్చాయి. కాపు లేని ఆ ఏళ్లలో తీసుకున్న డ్వాక్రా అప్పుకి నెలకు 1,800 కడుతున్నాం. మా తాతగారు వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటారు. ఆయనకు నెలకు 10,000 పెన్షన్ వస్తుంది, అందులో 8,400 ఆయన ప్రయాణానికి, మందులకు, తిండికి అవుతుంది. ఇంటి ఆదాయం, ఖర్చుల లెక్క వెనక పేజీలో ఉంది. సర్టిఫికెట్లు జతచేశాను.

తాతగారితో ఆసుపత్రికి వెళ్తూ ఏడాదిన్నరగా ఆయన బరువు, బీపీ ఒక పుస్తకంలో రాస్తున్నాను. ఫిస్టులా ఎలా చూడాలో అక్కడి టెక్నీషియన్ నేర్పారు. నవంబరులో అది సరిగా పనిచేయడం లేదని ముందుగా చెప్పగలిగాను. ఈ పని నాకు ఇష్టం, బాగా చేయగలనని నమ్మకం ఉంది. చదువు అయ్యాక ముందు ఉద్యోగం సంపాదించాలి. పలాసలో దొరికితే అక్కడే చేయాలని ఉంది.

మీరు మొత్తం ఇవ్వలేకపోతే, ఇచ్చినంత హాస్టలుకి కడతాను. మిగతాదానికి సెలవుల్లో మా ఊళ్లో ట్యూషన్లు చెబితే వచ్చే డబ్బు, అమ్మ సంఘం నుంచి చిన్న అప్పు చూసుకుంటాం. చదువు మాత్రం మొదలుపెడతాను."

చివరి పేరా నేను చెప్పింది కాదు. "మీరు సాయం చేయకపోతే నా చదువు ఆగిపోతుంది" అన్న వాక్యం కొట్టేసి ఆమే రాసుకొచ్చింది. అది ప్రమాదమని మేస్టారు అన్నారు, ఎలాగూ చదువుకుంటుంది కదా అని వదిలేస్తారట. నాకూ ఆ భయం ఉంది. అయినా తీసేయమనలేదు. అది నిజం.

ఉత్తరం పంపే ముందు ఒక పని చేయమన్నాను, ఇంట్లో అందరికీ చదివి వినిపించమని. ఎవరి గురించి రాశామో వాళ్లు వినకుండా ఉత్తరం వెళ్లకూడదు. నా ఉత్తరం నాన్న విన్నాడు కానీ నేను మార్చలేదు. ఈమె మార్చడానికి వారం వ్యవధి ఉంచుకుంది. అమ్మ జీడిపిక్కల దగ్గర ఒక మాట చెప్పిందట, సొన పడి చేతులు కాలిపోతాయని రాయకు, అందరికీ కాల్తాయి అని. తాతగారు పూర్తిగా విన్నారు. మొదటి ప్రతి కూడా చూపించిందట. "రాయమ్మా, నా రోగం గురించి రాయి. సచ్చిపోతన్నానని మాత్రం రాయకు" అన్నారట.

ఫలితం ఇంకా రాలేదు. మొన్న హాస్టల్లో చేరే ముందు కాలేజీకి వచ్చి కనిపించింది. లెక్క కాగితం ఒక జిరాక్స్ తన దగ్గర ఉంచుకుంది. వచ్చే ఏడాది ఫిబ్రవరితో డ్వాక్రా వాయిదాలు అయిపోతాయట. "అప్పుడు నెలకి పద్దెనిమిది వందలు మిగులుతాయి కదా మేడం, వచ్చే ఏడాది ముప్పై రెండు అడగక్కర్లేదు" అంది.